గడువులోగా కట్టిన మూడు వందలు

మా మావగారు జీవితంలో ఎవరికీ ఒక్క రోజు ఆలస్యంగా డబ్బు కట్టలేదు. ఈ సంగతి ఆయన నోటి నుంచే, నేను కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే నాలుగుసార్లు విన్నాను. కరెంటు బిల్లు వచ్చిన మర్నాడే కట్టేసేవారు. పాలవాడికి ముప్పయ్యో తారీఖు సాయంత్రమే లెక్క అప్పజెప్పేవారు. లెక్కల మాస్టారుగా చేరి హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి కదా, బతుకంతా గళ్ల పుస్తకంలో రాసుకున్నట్టే ఉండేది. ఆ గళ్లు దాటి పక్కకు పడ్డవాడంటే ఆయనకు చిన్నచూపు. ఆ చిన్నచూపు దాచుకునే ప్రయత్నం కూడా చేసేవారు కాదు.

నేనప్పుడు రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక బ్యాంకు బ్రాంచిలో గుమాస్తాను. ఎనభైల చివర. మా బ్యాంకు వాళ్లు కొత్తగా క్రెడిట్ కార్డులని మొదలుపెట్టారు. ఊళ్లో ఆ కార్డు పుచ్చుకునే కొట్లు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. రెండు బట్టల షాపులు, ఒక ఫ్రిజ్జులూ టీవీల షాపు, ఏసీ గదులున్న ఒక హోటలు. కొట్టువాడు కార్డును ఒక ఇనుప పెట్టెలో పెట్టి, కార్బను కాగితం వేసి, పైనుంచి పిడి బరబరా లాగితే కార్డు మీది అంకెలు కాగితం మీద పడేవి. మొదట్లో జనం ఆ లాగుడు చూడ్డానికే గుమిగూడేవారు.

ఎన్ని కార్డులు అమ్మితే అంత మొనగాడని మా మేనేజరు గారు పోటీ పెట్టారు. మొదటి బహుమతి ప్రెషర్ కుక్కరు. ఒక కుక్కరు కోసం చదువుకున్న వాళ్లు ఎంతదాకా దిగజారగలరో నాకు ఆ మూడు నెలల్లో తెలిసింది, ఎందుకంటే గెలిచింది నేనే. కార్డుతో పాటు ఇచ్చే ఒప్పందం పుస్తకం ఒకటుండేది. చీమలు బారులు తీరినట్టు అక్షరాలు. దాన్ని నేను ఏనాడూ చదవలేదు. మా కార్డుల ఆఫీసరు కూడా చదవలేదు. ఆయన శిక్షణకని హైదరాబాదు వెళ్లొచ్చి మాకు నేర్పింది రెండే ముక్కలు. "యాభై రోజుల దాకా వడ్డీ లేదని చెప్పండి. బిల్లు వచ్చాక మినిమం కడితే చాలని చెప్పండి. జనం ఎగబడతారు." నిజంగానే ఎగబడ్డారు. ఆ రెండు ముక్కలూ విడివిడిగా నిజమే. కలిపితే అబద్ధం. ఆ సంగతి చీమల బారుల్లో ఎక్కడో ఉంది.

నా మొదటి బేరం మా మావగారే. ఇంట్లో మనిషి, పెన్షను మా బ్రాంచిలోనే పడుతుంది, తిరస్కరించడానికి వీల్లేని మర్యాదస్తుడు. అయినా ముందు అడ్డం తిరిగారు.

"అప్పు కాదూ ఇది?"

"అప్పెందుకవుతుందండీ మావయ్యగారూ. గడువులోగా కట్టేస్తే వడ్డీ లేదు."

గడువు అన్న మాట వినగానే ఆయన మొహంలో వెలుగొచ్చింది. గడువుతో ఆయనకు పాత స్నేహం. ఎందుకంటే ఆయన చీటీ నడిపేవారు. ఇరవై మంది, అందరూ మాస్టార్లే, నెలకు రెండు వందలు. ప్రతి నెలా మొదటి ఆదివారం మా ఇంటి వరండాలో పాట. పాటలో ఎవరు ఎంత వదులుకుంటే ఆ లాభం అందరికీ వాటాలు. వాటా పోను ఎవరెంత కట్టాలో ఆయన చిన్న చీటీల మీద రాసి చేతికిచ్చేవారు. మరుసటి నెల అయిదో తారీఖు లోపల కట్టినవాడికే వాటా. ఆరో తారీఖున వచ్చినవాడికి వాటా సున్నా, పైగా పదిమందిలో పేరు చదవడం ఒకటి. ఓసారి డ్రిల్లు మాస్టారు భార్యకు పురుడొచ్చి ఒక రోజు ఆలస్యమైతే, "బిడ్డకి నా ఆశీస్సులండీ, వాటా మాత్రం లేదు" అన్న మనిషి ఆయన. ఇంకో నియమం కూడా ఉంది. చీటీ మీద రాసినదానికంటే ఎక్కువ కట్టబోతే తీసుకునేవారు కాదు. "అడిగినంతే ఇవ్వండి. ఎక్కువిచ్చి నా లెక్క పాడుచెయ్యకండి" అనేవారు.

ఆయన కార్డు తీసుకున్నాక చీటీ మాస్టార్లలో ఆరుగురు తీసుకున్నారు. హెడ్మాస్టరు గారే తీసుకున్నారంటే ఇక చూసుకోనక్కర్లేదన్నది వాళ్ల ధీమా. నా కుక్కరు అలా వచ్చింది.

జూన్ పద్దెనిమిదిన మావగారు మా అత్తగారి కోసం ఆరు వేలు పెట్టి ఫ్రిజ్జు కొన్నారు, కార్డు మీద. ఆ తారీఖు చెప్పింది కూడా నేనే. మా కార్డుకు లెక్క ప్రతి నెలా పదిహేనున మూసుకుంటుంది. పదహారు నుంచి మళ్లీ పదిహేను దాకా చేసిన కొనుగోళ్లన్నీ ఒక స్టేట్‌మెంటులో వస్తాయి. దాని మీద ఇరవయ్యొక్క రోజులు గడువు. కాబట్టి పదిహేను దాటగానే కొంటే ఎక్కువ రోజులు కలిసొస్తాయి. జూన్ పద్దెనిమిదిన కొన్న ఫ్రిజ్జు జూలై పదిహేను స్టేట్‌మెంటులో పడుతుంది, కట్టడానికి ఆగస్టు అయిదు దాకా టైముంది. నలభై ఎనిమిది రోజులు. ఆయన వేళ్ల మీద లెక్కేసుకుని, "బాగుందే!" అన్నారు. ఆయన నోటంట ఆ మాట రాబట్టినందుకు నేను నాలుగు రోజులు నేల మీద నడవలేదు.

స్టేట్‌మెంటు పోస్టులో వచ్చింది. మొత్తం బాకీ ఆరు వేలు. దాని కింద, కనీసం కట్టవలసినది మూడు వందలు. దాని పక్కన ఆగస్టు అయిదు. మావగారు కళ్లజోడు సర్దుకుని ఆ మూడు వందల దగ్గర ఆగారు. ఆయన కంటికి అది అచ్చం ఆయన చేతి చీటీలాగే ఉంది. మొత్తం చీటీ నాలుగు వేలు కావచ్చు, ఈ నెల కట్టవలసింది మాత్రం ఇంత. గడువు ఇది. అంతే కదా.

"మొత్తం కట్టెయ్యనా, మూడొందలే కట్టనా అమ్మాయ్? ఖాతాలో డబ్బైతే ఉంది."

నేను కూర తాలింపులో ఉన్నాను. శిక్షణలో విన్నది అప్పజెప్పాను.

"మూడొందలు కడితే చాలండీ మావయ్యగారూ. అడిగింది అదే కదా."

ఆయన ఆగస్టు మూడున, అంటే గడువుకు రెండు రోజులు ముందే, బ్రాంచికి వచ్చి నా కౌంటర్లోనే మూడు వందలు కట్టారు. మిగతా డబ్బు అదే బ్రాంచిలో, నా కుర్చీకి పది అడుగుల దూరంలో, సేవింగ్సు ఖాతాలో ఏడాదికి అయిదు శాతం వడ్డీకి హాయిగా నిద్రపోతోంది. మధ్యలో జూలై ఇరవై అయిదున మనవడి చొక్కాలకు మరో నాలుగు వందలు కార్డు మీద వాడారు. అది కూడా నేను ఆపలేదు.

ఆగస్టు ఇరవయ్యొకటో తారీఖున రెండో స్టేట్‌మెంటు వచ్చింది. వడ్డీ రెండు వందల తొంభై రూపాయలు.

మావగారు దాన్ని ఎన్నిసార్లు చదివారో తెలియదు. మర్నాడు పొద్దున్న బ్యాంకు తలుపులు తీసేసరికి గుమ్మంలో ఉన్నారు. ఇస్త్రీ పంచె, చేతిలో మూడు వందల రసీదు. నా దగ్గరికి రాలేదు. తిన్నగా కార్డుల ఆఫీసరు బల్ల దగ్గరికి వెళ్లారు. ఇంటి కోడలితో పోట్లాడితే అది ఇంటి గొడవ. బ్యాంకుతో పోట్లాడితే న్యాయం.

"ఏవండీ, ఇది చూడండి. గడువు అయిదో తారీఖు. నేను మూడునే కట్టేసేను. ఈ వడ్డీ ఏంటండీ?"

మా ఆఫీసరు స్టేట్‌మెంటును అటూ ఇటూ తిప్పారు. తిప్పితే జవాబు రాలిపడుతుందేమోనన్నట్టు.

"మీకు పెనాల్టీ పడలేదండి. చూడండి, ఆలస్య రుసుము సున్నా."

"ఆలస్యం చెయ్యందే రుసుమెందుకు పడుద్దండీ! నేనడిగేది వడ్డీ గురించి. వడ్డీ ఎవరికి వేస్తారు? ఎగ్గొట్టినోడికి. నేనెగ్గొట్టేనా?"

హాలంతా ఇటే చూస్తోంది. ఆయన గొంతు నలభయ్యేళ్లు చివరి బెంచీ దాకా వినిపించిన గొంతు. ఆఫీసరు చెమటలు తుడుచుకుని, పొరపాటు జరిగుంటుందని, వడ్డీ తీయించేస్తానని మాటిచ్చి పంపేశారు. ఆయన వెళ్లాక నన్ను పిలిచి, "మీ మావగారు కాబట్టి ఊరుకున్నానండీ" అన్నారు. ఊరుకోక ఏం చేసేవారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

హైదరాబాదు కార్డుల విభాగానికి ట్రంకు కాల్ బుక్ చేశాం. గంటన్నరకి లైను దొరికింది. అవతలివాడు మా గోడు మొత్తం విని, ఆవులిస్తూ, "ఒప్పందం చదవండి, పదకొండో షరతు" అన్నాడు. చదివాం. పోటీ అయిపోయి, కుక్కర్లో పప్పు ఉడికి, మూడు నెలలయ్యాక మొదటిసారి చదివాం. ఆఫీసరు పైకి చదివారు. పొరపాటు ఎక్కడా లేదు. వడ్డీ పైసలతో సహా సరిగ్గా వేశారు. పొరపాటు మేమే.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక ఇంటికి చేరాను. మా ఆయన అప్పటికే ఇంట్లో అగ్గి రాజేసి ఉంచారు. "మా నాన్న చేత జీవితంలో మొదటిసారి వడ్డీ కట్టించావ్" అన్నారు, నేను చెప్పులు విడుస్తుండగానే. మావగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. కొడుకును ఊరుకోమని చెయ్యి ఊపారు. "అమ్మాయ్, లెక్క చెప్పు. తిట్లు తర్వాత" అన్నారు.

ఆయన ఎదురుగా కూర్చుని చెప్పాను. మినిమం కడితే ఆలస్య రుసుము పడదు, మనిషి ఎగవేతదారుల్లో చేరడు, అంతవరకే. వడ్డీ లేని రోజులన్నవి షరతు మీద ఇచ్చినవి. గడువులోగా మొత్తం ఆరు వేలూ కడితేనే అవి దక్కుతాయి. ఒక్క రూపాయి మిగిల్చినా ఆ నలభై ఎనిమిది రోజులూ పోతాయి. వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, స్టేట్‌మెంటు తేదీ నుంచి కూడా కాదు, ఫ్రిజ్జు కొన్న రోజు నుంచే లెక్క. నెలకు రెండున్నర శాతం, అంటే ఏడాదికి ముప్పై. జూన్ పద్దెనిమిది నుంచి ఆగస్టు మూడు దాకా ఆరు వేల మీద, నలభై ఆరు రోజులు. మూడున మూడు వందలు కట్టారు కాబట్టి అక్కణ్నుంచి పదిహేను దాకా అయిదు వేల ఏడు వందల మీద, పన్నెండు రోజులు.

ఆయన కాగితం మీద వేసుకుంటున్నారు. "రెండొందల ఎనభై మూడు. ఇంకా ఏడు రూపాయలు తగ్గింది."

"చొక్కాలండీ. పాత బాకీ మిగిలున్నప్పుడు కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని రోజులుండవు. కొన్న రోజు నుంచే పడిపోద్ది. నాలుగొందల మీద ఇరవయ్యొక్క రోజులు."

"అంటే మూడొందలు కట్టేను, రెండొందల తొంభై వేసేరు. తగ్గింది పది రూపాయలు."

"ఆయ్."

ఆయన పెన్సిలు కింద పెట్టారు. తిట్టుంటే హాయిగా ఏడ్చేదాన్ని. ఆయన మాత్రం, "ముప్పై అయిదు మార్కులొస్తే పాసు. స్కాలర్‌షిప్పు నూటికి నూరొచ్చినోడికే. మూడొందలు కట్టి నేను పాసయ్యేను, అంతే" అన్నారు. నేను మూడు నెలలుగా అమ్ముతూ కూడా అర్థం చేసుకోనిదాన్ని ఆయన రెండు నిమిషాల్లో పరీక్ష పేపరు చేసి పడేశారు. నాకు చిన్నతనంగా ఉంది, కొంచెం కోపంగా కూడా ఉంది. ఇంత తెలివైన మనిషి మొదట్లోనే ఎందుకు కనిపెట్టలేదని. నా తప్పుకు ఆయన్ని తిట్టుకునేంత దూరం వెళ్లాను మనసులో.

"సోమవారమే మొత్తం కట్టేద్దామండీ. ఆరు వేల మూడొందల తొంభై. దాంతో అయిపోద్ది" అన్నాను ధైర్యం చెప్తున్నట్టు.

"ఎలా అయిపోద్ది? ఈ లెక్క పదిహేనో తారీఖు దాకానే కదా. పదహారు నుంచి నేను కట్టే రోజు దాకా ఈ బాకీ ఊరుకుంటుందా?"

ఆయన చెప్పింది నిజం. ఆదివారం పోను, సోమవారం ఇరవై నాలుగున కడితే, ఆ తొమ్మిది రోజుల వడ్డీ వచ్చే స్టేట్‌మెంటులో పడుతుంది. నలభై అయిదు రూపాయల దాకా. అది కూడా గడువులోగా పూర్తిగా కడితే గానీ లెక్క తేలదు, వడ్డీ లేని రోజులు మళ్లీ మొదలు కావు. పదకొండో షరతు చదివినదాన్ని నేను. చదవకుండా కనిపెట్టింది ఆయన.

అప్పుడు ఆయన అసలు సంగతి బయటపెట్టారు.

"నా డబ్బుకేం, పోతే పోయింది. ఆరుగురు నా మాట మీద తీసుకున్నారమ్మా. అందరికీ నేనే చెప్పేను, మూడొందలో నాలుగొందలో అడిగినంత కట్టండి, చాలని. వాళ్లకీ పడుంటుంది. మొదటి ఆదివారం పాటకొస్తారు. ఒక్క రోజు ఆలస్యమైతే పేరు చదివేవోణ్ని, ఏం మొహం పెట్టుకుని పాట పాడించను?"

ఆ మాటకు నాకు నవ్వు రావాలి. ఇన్నేళ్లూ పేర్లు చదివిన మనిషి పేరు ఇప్పుడు చదవబోతున్నారు. మనసులో ఏ మూలో అనుకున్నాను కూడా, బాగా అయింది అని. కానీ ఆయన మళ్లీ పెన్సిలు తీసుకుని ఆరుగురి పేర్లూ ఒకదాని కింద ఒకటి రాయడం మొదలుపెట్టారు. "నేను చెప్తానండీ వాళ్లకి. తప్పు నాదని చెప్తాను" అన్నాను. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

సోమవారం ఆయన చెక్కు రాసి మొత్తం కట్టేశారు. సెప్టెంబరు మొదటి ఆదివారం దాకా నేను ఆ మాటల్ని రోజుకో రకంగా కూర్చుకున్నాను. బస్సులో, కౌంటర్లో, పడుకున్నాక కూడా. చదవకుండా అమ్మాను, క్షమించండి. ఎన్ని రకాలుగా తిప్పినా అంతకంటే పెద్దది కాలేదు. చిన్న వాక్యమే. నోట్లోంచి వస్తే పది సెకన్లు పట్టదు.

ఆదివారం చర్చి వదలగానే డ్రిల్లు మాస్టారు అందరికంటే ముందొచ్చారు. చొక్కా జేబులో మడిచిన స్టేట్‌మెంటు కనిపిస్తూనే ఉంది. తర్వాత ఒక్కొక్కరే వచ్చి చాపల మీద కూర్చున్నారు. ఎప్పుడూ ఉండే ఎకసెక్కాలు లేవు. కార్డులున్న ఆరుగురూ ఒక పక్కకు చేరారు. నేను పది గ్లాసుల కాఫీ పళ్లెంలో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. కాఫీ ఇస్తూ చెప్పేద్దామని.

డ్రిల్లు మాస్టారు కాగితం తీసి విప్పారు. "హెడ్మాస్టరు గారూ, ఏమనుకోకండి. తమరు చెప్పినట్టే కట్టేనండి. నూట పది రూపాయలు వడ్డీ వేసేడండి. మా ఇంటిదైతే ఎవరి మాట విన్నావని నిలదీస్తోందండి."

మావగారు లేచి నిలబడ్డారు. పాట రోజుల్లో ఆయన ఎప్పుడూ నిలబడరు.

"అది నా తప్పండీ. మా కోడలు ముందే చెప్పింది, మొత్తం కట్టకపోతే వడ్డీ పడుద్దని, కొన్న రోజు నుంచే పడుద్దని. ఆడపిల్ల మాటని నేనే లెక్కచెయ్యలేదు. నాకు తెలుసులే అనుకుని మీకు తప్పు చెప్పేను. మీ ఆరుగురికీ పడిన వడ్డీ నేనిస్తాను. మీ కాగితాలు ఇలా ఇవ్వండి. బాకీ మాత్రం రేపే మొత్తం కట్టేయండి. వచ్చే నెల ఇంకో ముప్పయ్యో నలభయ్యో పడుద్ది, కంగారు పడకండి, అది కూడా కట్టేస్తే తీరిపోద్ది."

చేతిలో పళ్లెం బరువు ఒక్కసారి తెలిసొచ్చింది. ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడు చెప్తే ఆయన ఇరవై మంది ముందు అబద్ధమాడినట్టవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. చక్కటి సాకు. నిజానికి భయమేసింది, అంతే. ఆయన ఒక్కసారి నా వైపు చూస్తే చెప్పేసేదాన్నేమో. ఆయన చూడలేదు. వంగి, ఆరు కాగితాలూ ఒకదాని మీద ఒకటి సర్దుకుంటున్నారు.

డ్రిల్లు మాస్టారి మొహం విచ్చుకుంది. నా వైపు తిరిగి, పళ్లెంలోంచి గ్లాసందుకుంటూ, "చూశారా, చదువుకున్న పిల్ల! మనం మగాళ్లం ఎప్పుడు వింటాం గనక. ఇక మీదట ఈ కార్డు సంగతులన్నీ అమ్మాయినే అడుగుతామండి" అన్నారు.

"అలాగేనండి మాస్టారూ" అన్నాను నేను.